వారానికి ఒక్కసారే వేసే బిళ్ళ: మెథోట్రెక్సేట్ కరపత్రాన్ని మా పిన్ని కోసం తెలుగులో రాసిన అనుభవం

మా అమ్మకి 67 ఏళ్ళు, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మా వైపు కీళ్ల వాతం అంటారే అదే. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకోవు, గ్లాసు పట్టుకోలేదు. రుమటాలజిస్ట్ మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మ తణుకు దగ్గర ఊళ్ళో ఉంటుంది, చూసుకునేది మా పిన్ని, అమ్మ సొంత చెల్లెలు. పిన్నికి తెలుగు బాగా చదవడం వచ్చు, ఇంగ్లీష్ రాదు, మందుల విషయంలో మహా శ్రద్ధ. ఆ శ్రద్ధే నాకు భయం పుట్టించింది, ఎందుకంటే మిగతా మందులన్నీ రోజూ వేసేవే, థైరాయిడ్ బిళ్ళ పరగడుపున, బీపీ బిళ్ళ టిఫిన్ తర్వాత, ఇది ఒక్కటే వారానికి ఒకసారి. శ్రద్ధగా రోజూ వేసేస్తే మనిషి ప్రాణానికే ముప్పు.

అందుకని డబ్బాలో వచ్చే కాగితం ముందు నేను చదివి, పిన్నికి అర్థమయ్యేలా తెలుగులో రాసి పంపిద్దాం అనుకున్నాను. ఇక్కడ మొదటి చిక్కు, మెడికల్ షాపులో స్ట్రిప్పులు ఇస్తారు కానీ కాగితం ఇవ్వరు, అది పెద్ద డబ్బాలో ఉండిపోతుంది. అడిగితే షాపాయన తీసి ఇచ్చాడు, "అది డాక్టర్ల కోసం మేడం, మీకేం అర్థం కాదు" అని ఒక మాట కూడా అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు, చీమ తలకాయంత అక్షరాలు, డాక్టర్‌తో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. దాంతోపాటు నెట్‌లో బ్రిటన్‌లో పేషెంట్లకి ఇచ్చే కరపత్రం కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండోది మనుషుల కోసం రాసింది, వారానికి ఒక్కసారే అని మొదట్లోనే గట్టిగా చెప్తుంది.

డాక్టర్ల కాగితంలో డోసు అనే భాగం చదివితే గుండె ఆగినంత పనైంది. మొదట వచ్చేవన్నీ క్యాన్సర్ డోసులు. ఈ మందు 1940ల చివర్లో పిల్లల బ్లడ్ క్యాన్సర్ కోసం మొదలైంది, కీళ్ల వాతానికి అమెరికాలో అనుమతి ఇచ్చింది 1988లో, అందుకని ఒకే కాగితంలో రెండూ ఉంటాయి. గర్భసంచికి సంబంధించిన ఒక రకం క్యాన్సర్‌కి 15 నుంచి 30 మిల్లీగ్రాములు రోజూ, 5 రోజులు అని రాసుంటుంది. దాని తర్వాత ఎక్కడో కిందకి వెళ్తే కీళ్ల వాతానికి వారానికి 7.5 మిల్లీగ్రాములతో మొదలు అని వస్తుంది. అంటే "రోజూ" అన్న మాట కూడా అదే కాగితంలో ఉంది! ఇంట్లో ఎవరైనా కుర్రాడు సాయం చేద్దామని పైన ఉన్న లైన్లు చదివి చెప్తే ఏమవుతుందో ఊహించుకోండి. నేను పెన్సిల్ తీసుకుని క్యాన్సర్ భాగం మొత్తం కొట్టేశాను, మాకు పనికొచ్చేది ఆ కాగితంలో పావు వంతు కూడా లేదు.

తర్వాత అమ్మ డోసు రాశాను. డాక్టర్ రాసింది 10 మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి. షాపులో ఇచ్చినవి 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు. అంటే 4 బిళ్ళలు ఒకేసారి. (ఇది మా అమ్మ వయసు, కిడ్నీ రిపోర్టు చూసి ఇచ్చిన లెక్క, ఇంకొకరికి ఇదే వర్తించదు.) వారంలో ఏ రోజు అన్నది మేమే ఎంచుకోవాలి. చాలామంది ఆదివారం పెట్టుకుంటారు గానీ మా ఇంట్లో ఆదివారం చుట్టాలు, హడావిడి, మర్చిపోతాం. శనివారం అమ్మకి ఒక పొద్దు, రాత్రి ఫలహారమే. అందుకని బుధవారం అనుకున్నాం. రాత్రి భోజనం అయ్యాక వేస్తే కడుపులో తిప్పడం ఉన్నా నిద్రలో గడిచిపోతుందని డాక్టర్ చెప్పారు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు శుక్రవారం. ఈ ఫోలిక్ యాసిడ్ ఎందుకంటే, మెథోట్రెక్సేట్ ఒంట్లో ఫోలిక్ యాసిడ్ వాడకాన్ని అడ్డుకుంటుంది, ఆ లోటు వల్లే నోరు పూయడం, వాంతులు లాంటివి వస్తాయి, వేరే రోజున కాస్త ఫోలిక్ యాసిడ్ ఇస్తే అవి తగ్గుతాయి. పిన్ని వెంటనే అడిగింది, "మరి రెండూ ఒకే రోజు వేసేస్తే ఒక పని అయిపోతుంది కదే" అని. వద్దు, ఆ రోజు వేరు ఈ రోజు వేరు, డాక్టర్ అలాగే చెప్పారు అని గట్టిగా రాశాను.

పిన్నికి పంపిన కాగితం మొదటి పేజీలో ఉన్నది ఇంతే:

"బుధవారం రాత్రి అన్నం తిన్నాక, పసుపు డబ్బాలోవి, 2.5 అని రాసున్న బిళ్ళలు 4, నీళ్ళతో మింగించు. నలపొద్దు, విరవొద్దు. వేశాక క్యాలెండర్‌లో బుధవారం గడిలో టిక్కు పెట్టు. టిక్కు ఉంటే మళ్ళీ వచ్చే బుధవారం దాకా ఆ డబ్బా ముట్టుకోవద్దు. నొప్పి ఎక్కువగా ఉందని ఇంకొకటి వేయొద్దు, ఇది నొప్పి బిళ్ళ కాదు."

ఆ చివరి వాక్యం ఎందుకు పెట్టానంటే అసలు ప్రమాదం పిన్ని దగ్గర లేదు, అమ్మ దగ్గర ఉంది. మొదటి రెండు వారాలు వేళ్ళ నొప్పి ఏమాత్రం తగ్గలేదు, "ఇంత చిన్న బిళ్ళ వారానికొకసారి వేస్తే ఏం పనిచేస్తుంది, రోజూ ఒకటి వేసి చూద్దాం" అని అమ్మ అంది. ఈ మందు ప్రభావం కనపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, ఈలోపు నొప్పికి డాక్టర్ వేరే మందు రాసే ఉంచారు. ఆ మాట తెలియకపోతే ఎవరికైనా అనిపించేది ఇదే. అందుకని మెథోట్రెక్సేట్ స్ట్రిప్పుని మిగతా మందుల బుట్టలోంచి తీయించేసి పసుపు రంగు డబ్బాలో పెట్టి బీరువాలో దాచమన్నాను. రోజువారీ గడులుండే మందుల పెట్టెలో మాత్రం అస్సలు పెట్టొద్దన్నాను.

రోజూ వేస్తే ఏమవుతుందో కూడా రాశాను, భయపెట్టడానికి కాదు, కారణం తెలిస్తే పిన్ని మర్చిపోదు. ఈ మందు త్వరత్వరగా పెరిగే కణాల మీద పడుతుంది. నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగ, ఇవన్నీ అలాంటివే. వారంలో ఒక్కరోజు వేస్తే మిగతా 6 రోజులు వాటికి కోలుకునే టైం దొరుకుతుంది. రోజూ వేస్తే ఆ టైం ఉండదు, నోరంతా పుండ్లు పడతాయి, తెల్ల రక్తకణాలు పడిపోయి చిన్న జ్వరం కూడా పెద్దదైపోతుంది. పొరపాటున ఎక్కువ వేసినట్టు తెలిస్తే, మనిషి బాగానే ఉన్నా సరే, లక్షణాల కోసం ఆగకుండా ఆ స్ట్రిప్పు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దీనికి విరుగుడు ఉంది, ఫోలినిక్ యాసిడ్ అంటారు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మన శుక్రవారం ఫోలిక్ యాసిడ్ బిళ్ళ దానికి బదులు కాదు.

బుధవారం మర్చిపోతే? ఇది కరపత్రంలో వెతికాను, డాక్టర్‌ని కూడా అడిగాను. గురువారం గానీ శుక్రవారం గానీ గుర్తొస్తే వేసేయొచ్చు, మళ్ళీ వచ్చే బుధవారం మామూలుగానే. రెండు రోజులు దాటిపోతే ఆ వారానికి వదిలేయాలి. రెండు వారాలవి కలిపి 8 మాత్రం ఎప్పటికీ వేయకూడదు. ఒక వారం తప్పిపోతే కాస్త కీళ్ళు పట్టేస్తాయేమో, అంతకుమించి ఏం కాదు, కానీ ఎక్కువైతే మాత్రం చాలా అవుతుంది అని పిన్నికి ఫోన్లో చెప్తే, "అయితే అనుమానం వస్తే వేయకుండా ఉండటమే మేలన్నమాట" అంది. నేను పేజీ నిండా రాసింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది, ఆ వాక్యమే పైన పెద్ద అక్షరాలతో రాశాను.

రెండో పేజీ, ఎవరు వేసుకోకూడదు అన్నది. కరపత్రంలో ఇది పెద్ద జాబితా, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, బాగా మందు తాగేవాళ్ళు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళు, రక్తకణాలు ముందే తక్కువున్నవాళ్ళు, టీబీ లాంటి ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళు. మొదలుపెట్టేముందే అమ్మకి రక్త పరీక్షలు, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీయించారు కాబట్టి ఇవన్నీ చూసేశారు. ఇదంతా మళ్ళీ పిన్నికి రాసి లాభం లేదనిపించింది. కానీ ఇందులో ఒకటి మాత్రం అమ్మ గురించి కాకపోయినా ఆ ఇంటి గురించి: పిన్ని కోడలు అప్పుడు ఐదో నెల గర్భిణి. ఈ మందు కడుపులో బిడ్డకి చాలా హాని, గర్భిణులు నలిగిన, విరిగిన బిళ్ళ పొడి ముట్టుకోకూడదని ఉంది. ఆ అమ్మాయి పాపం సాయంగా అమ్మకి మందులు అందిస్తూ ఉండేది. అందుకని "కోడలు పిల్ల ఈ డబ్బా ముట్టుకోవద్దు, మిగతావి ఇవ్వొచ్చు. బిళ్ళ నీ చేతికి కాకుండా మూతలోకి తీసి అక్కయ్యకి ఇవ్వు, తర్వాత చేతులు కడుక్కో" అని రాశాను. డాక్టర్‌ ఈ విషయం మమ్మల్ని అడగలేదు, అడగడానికి ఆయనకి మా ఇంట్లో ఎవరున్నారో తెలియదు కదా.

ఇంకొకటి, ముందు లేకపోయినా మధ్యలో వచ్చిపడేవి. కరపత్రం కిడ్నీ గురించి పదేపదే చెప్తుంది. ఎందుకంటే ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా మూత్రంలోనే. విరోచనాలు పట్టుకుని నీరసించిపోతే, కిడ్నీ పని తగ్గితే, మందు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోతుంది, అంటే 4 బిళ్ళలే వేసినా ఎక్కువ వేసినంత పని చేస్తుంది. ఎండాకాలంలో మా ఊళ్ళో ఇది జరగని ఇల్లుండదు. అందుకని నియమం రాశాను: విరోచనాలు, వాంతులు, జ్వరం, యాంటీబయాటిక్ ఏదైనా వాడాల్సి రావడం, వీటిలో ఏదొచ్చినా ఆ బుధవారం బిళ్ళ ఆపి మాకు ఫోన్ చెయ్యి, తగ్గాక డాక్టర్‌ని అడిగి మొదలుపెడదాం.

యాంటీబయాటిక్ అన్నానే, అందులో ఒకదాని పేరు విడిగా ఎర్ర పెన్నుతో రాశాను. కోట్రైమాక్సజోల్, మనవాళ్ళకి సెప్ట్రాన్ అనే తెలుసు. మూత్రంలో మంటకీ విరోచనాలకీ ఊళ్ళో ఇచ్చేస్తుంటారు. అదీ ఫోలిక్ యాసిడ్ దారినే అడ్డుకుంటుంది, ఇదీ అడ్డుకుంటుంది, రెండూ కలిస్తే మూలుగ పని ఆగిపోయి రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది. ఒకరకంగా కరపత్రం మొత్తంలో ఇంటి మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన మందు పేరు ఇదొక్కటే అంటాను. రెండోది నొప్పుల ఇంజెక్షన్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ మీద భారం వేస్తాయి, డాక్టర్లు ఒక్కోసారి చూసుకుని రెండూ కలిపి ఇస్తారు గానీ, ఒళ్ళునొప్పులని వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి సూది వేయించుకోవడం వేరే సంగతి. అందుకని ఒక చిన్న చీటీ, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు చూపించడానికి: "ఈమె వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వాడుతోంది. సెప్ట్రాన్ ఇవ్వొద్దు. వేరే ఏ మందు ఇచ్చినా దీనితో కలుస్తుందో లేదో చూసి ఇవ్వండి." దీన్ని లామినేట్ చేయించి అమ్మ పర్సులో పెట్టాం.

తర్వాత లక్షణాలు. డాక్టర్ల కాగితంలో దుష్ప్రభావాలు జుట్టు రాలడం దగ్గర్నుంచి అన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఏది మామూలు ఏది పరుగెత్తాల్సింది అన్నది తెలియదు. రుమటాలజిస్ట్ దగ్గర నర్సు ఒకావిడ ఉన్నారు, ఆవిడ సాయంతో విడదీశాం. గురువారం కాస్త నీరసం, వికారం, తల బరువు, ఇవి మామూలు, రెండు రోజుల్లో పోతే పర్లేదు. జుట్టు కాస్త రాలడం, తర్వాతసారి వెళ్ళినప్పుడు చెప్పొచ్చు. కానీ నోరు పూయడం, అన్నం కారం తగిలి మండటం, అదే రోజు ఫోన్ చేయాలి, ఎందుకంటే చాలాసార్లు మొదట కనపడేది అదే. 100.4 దాటిన జ్వరం, గొంతునొప్పి, చెయ్యి ఎక్కడా తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ళలోంచి రక్తం, కళ్ళు పచ్చబడటం, ఇవన్నీ అదే రోజు ఆసుపత్రి. ఇక పొడి దగ్గు, ఆయాసం. దీని మీద పిన్నితో బాగా మాట్లాడాల్సి వచ్చింది, "దగ్గుకి కూడా ఆసుపత్రికి పోతారా, మిరియాల కషాయం ఇస్తే పోతుంది" అంటుంది. ఈ మందు అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది, అది కఫం లేని దగ్గుతో, మెట్లెక్కితే ఆయాసంతో మొదలవుతుంది, బిళ్ళ ఆపి ఎక్స్‌రే తీయాల్సిన విషయం, కషాయంతో పోయేది కాదు. చివరికి "కఫం వస్తే కషాయం, కఫం లేకుండా కొత్త దగ్గు మొదలై ఆయాసం ఉంటే ఫోను" అని ఒప్పందానికొచ్చాం, అయితే కఫం ఉన్నా జ్వరం ఉంటే మాత్రం ఫోనే అని కింద ఇంకో లైను కలిపాను.

అన్నీ రాశాక డాక్టర్‌కి చూపించాను. ఆయన ఓపిగ్గా చదివి రెండు చోట్ల దిద్దారు. రక్త పరీక్షల సంగతి నేను చివర్లో చిన్నగా రాస్తే, అది మొదటి పేజీలోకి తెమ్మన్నారు: మొదట్లో రెండు మూడు వారాలకోసారి, డోసు కుదురుకున్నాక నెలకి, తర్వాత మూడు నెలలకి, రక్తకణాలు, లివర్, క్రియాటినిన్. లక్షణాలు బయటపడకముందే కణాలు పడిపోతున్నాయా, లివర్ మీద భారం పడుతోందా అన్నది ఆ పరీక్షలోనే తెలుస్తుంది కాబట్టి పరీక్ష చేయించకుండా కొత్త స్ట్రిప్పు కొనొద్దు అని ఆయన మాటగానే రాశాను. రెండోది, టీకాలు. బతికున్న క్రిమితో చేసిన టీకాలు ఈ మందు మీద ఉన్నప్పుడు వద్దు, ఫ్లూ సూది మాత్రం వేయించుకోవచ్చు, ఏదైనా ముందు అడగండి అని చేర్చారు.

కాగితం పనికొచ్చిందా అంటే, రెండో నెలలో ఒకరోజు సాయంత్రం పిన్ని ఫోన్. "ఏమే, బిళ్ళ అదే పేరు, రంగు కూడా అలాగే ఉంది, కానీ మీద 2.5 లేదు, 10 అని ఉంది, నాలుగు వెయ్యనా?" అని. ఊళ్ళో షాపులో 2.5వి అయిపోయాయని 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పు ఇచ్చారు, నాలుగు వేస్తే 40 అయ్యేది, అంటే నాలుగు వారాల మందు ఒక్క రాత్రి. "4 బిళ్ళలు" అని మాత్రమే రాసుంటే పిన్ని వేసేసేది, "2.5 అని రాసున్న బిళ్ళలు" అని ఉండబట్టే ఆగింది. లెక్క ప్రకారం 10ది ఒకటి వేస్తే సరిపోతుంది, అది ప్రమాదమేం కాదు, కానీ ఇంట్లో రెండు రకాల స్ట్రిప్పులు ఉండటం ప్రమాదం, అందుకని అది తిరిగి ఇచ్చేయించి భీమవరం నుంచి 2.5వే తెప్పించాం, ఎలాగూ గురువారం వేసినా పర్లేదు కదా. అప్పటినుంచి షాపులో కొనేటప్పుడు స్ట్రిప్పు మీద అంకె చదివించి కొంటోంది పిన్ని.

మూడు నెలలకి వేళ్ళు బాగానే ముడుస్తోంది అమ్మ, మజ్జిగ కవ్వం పట్టుకుంటోంది, కానీ పొద్దున్న బిగుసుకుపోవడం ఇంకా కొంచెం ఉందని డాక్టర్ వారానికి 15 మిల్లీగ్రాములకి పెంచారు. అంటే 2.5వి 6. కాగితం మొత్తం మళ్ళీ రాయలేదు, మొదటి పేజీ మాత్రం కొత్తది, పైన తేదీ, "ఇవాళ్టి నుంచి 6" అని. పాత పేజీ పిన్నిచేత ఫోన్లో ఉండగానే చింపించేశాను, గోడ మీద 4 అని ఒకటి, 6 అని ఒకటి ఉంటే ఏది చూసి వేస్తారో చెప్పలేం. రెండు వారాలకి రక్త పరీక్ష ఉంది, అది చూశాకే తర్వాతి స్ట్రిప్పు.